అమ్మకానికి 58 ఏళ్లు

నోయిడాలో 450 చదరపు మీటర్ల పారిశ్రామిక ప్లాటు ఒకటి అమ్మకానికి వచ్చిందనుకుందాం. అందులో పాత షెడ్డు, చిన్న ఆఫీసు గది, కరెంటు కనెక్షన్ ఉన్నాయి. అమ్మేవాళ్లు 2 కోట్లు చెబుతున్నారు. కొనాలనుకుంటున్నాయన పదిహేనేళ్లుగా అద్దె షెడ్డులో ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ నడుపుతున్నారు. ఇంకెన్నాళ్లు అద్దె కడతాం, సొంత జాగా ఉంటే బ్యాంకు కూడా అప్పిస్తుంది కదా అన్నది ఆయన ఆలోచన. బ్రోకరు ప్లాటు చూపించాడు, గేటు తీయించాడు, కొలతలు చెప్పాడు. కాగితాలు అడిగితే పాత ఫైలు ఒకటి చేతిలో పెట్టాడు. పైనే ఉంది 1994 నాటి లీజు దస్తావేజు.

అసలు సంగతి ఆ దస్తావేజులో ఉంది. ప్లాటు యజమాని అమ్మేవాడు కాడు, నోయిడా సంస్థ. ఉత్తరప్రదేశ్ పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి చట్టం కింద 1976 ఏప్రిల్ 17న ఏర్పడిన న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ అది. ఆ పేరులోని ఆంగ్ల అక్షరాలు కలిస్తేనే నోయిడా అయింది. ఒక ప్రభుత్వ సంస్థ పేరే ఊరి పేరుగా నిలిచిపోయిన అరుదైన చోటు. అమ్మేవాడికి ఉన్నది 90 ఏళ్ల లీజు. 1994లో మొదలైంది కాబట్టి 2084తో ముగుస్తుంది. 2026లో కొనే మనిషి చేతికి వచ్చేది ఆ నేల మీద మిగిలిన 58 ఏళ్ల హక్కు. అదీ దస్తావేజులో రాసిన షరతులన్నిటితో కలిపి.

ఇక్కడ చెబుతున్న ప్లాటు ఊహించుకున్నది. దాని ధర, ప్రీమియం, సంస్థ రేటు అన్నీ లెక్క అర్థమయ్యేందుకు నేను అనుకున్న అంకెలే. షరతుల తీరు మాత్రం నిజమైనది. నోయిడా, గ్రేటర్ నోయిడా, గుజరాత్ జీఐడీసీ, మహారాష్ట్ర ఎంఐడీసీ ఇలా ఏ పారిశ్రామిక సంస్థ లీజు చూసినా రేట్లు, గడువులు మారతాయి కానీ ఎముకల గూడు దాదాపు ఇదే.

ప్రీమియం ఒకసారి, అద్దె ఏటేటా

లీజు తీసుకున్నప్పుడు రెండు రకాల డబ్బు కట్టాలి. మొదటిది ప్రీమియం. ప్లాటు ధరగా మనం అనుకునే పెద్ద మొత్తం అదే. 1994లో మన ప్లాటుకు చదరపు మీటరుకు వెయ్యి రూపాయల చొప్పున 4,50,000 కట్టారనుకుందాం. రెండోది లీజు అద్దె. నోయిడా పాత పారిశ్రామిక దస్తావేజుల్లో ఇది ఏడాదికి ప్రీమియంలో 2.5 శాతం. మన లెక్కలో 11,250 రూపాయలు. లక్షలు పెట్టిన చోట ఏడాదికి పదకొండు వేలు ఒక లెక్కా అనిపిస్తుంది. అందుకే చాలామంది దాన్ని మరిచిపోతారు. అమ్మేటప్పుడు పీకల మీదికి వచ్చేదీ అదే.

దస్తావేజులో ఆ పక్కనే మరో వాక్యం ఉంటుంది. పదేళ్లకోసారి లీజు అద్దెను పెంచవచ్చు, ఆ పెంపు అప్పటి అద్దెలో 50 శాతానికి మించకూడదు. పెంచిన ప్రతిసారీ పూర్తి 50 శాతం పెంచారనుకుని లెక్క వేద్దాం. మొదటి పదేళ్లు ఏటా 11,250. తర్వాతి పదేళ్లు 16,875. ఆ పై పదేళ్లు సుమారు 25,313. 2024 నుంచి సుమారు 37,969. మొదటి ముప్పై ఏళ్లకు మొత్తం కూడితే 5,34,375 రూపాయలు. అంటే మొదట్లో ప్లాటుకు కట్టిన 4,50,000 కన్నా ఎక్కువే. ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకున్న మనిషి లీజు అద్దె రసీదులు పోగొట్టుకోడు.

దీనికి ఒక తరుణోపాయం కూడా ఉంది. ఏటా కట్టే బదులు కొన్నేళ్ల అద్దెను ఒకేసారి కట్టేసి, మిగతా లీజు కాలానికి నిశ్చింతగా ఉండవచ్చు. నోయిడాలో చాలాకాలం ఇది ఏడాది అద్దెకు 11 రెట్లు. మన ప్లాటుకు 1994లోనే కట్టి ఉంటే 1,23,750తో ఆ పద్దు ముగిసేది. మొదటి యజమాని అది కట్టాడా లేదా అన్నది కొనేవాళ్లు అడగాల్సిన తొలి ప్రశ్నల్లో ఒకటి. నోటిమాట చాలదు. సంస్థ ఇచ్చిన రసీదో, ఆ సంగతి రాసిన లేఖో కళ్లతో చూడాలి.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 30 ఏళ్లు, అంతకు మించిన పారిశ్రామిక లీజుకు ప్రభుత్వ సంస్థ ముందుగా తీసుకునే ప్రీమియం మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. ఏటా కట్టే అద్దెకు ఆ మినహాయింపు వర్తించదు. ఒకే లీజులో ఒక డబ్బుకు పన్ను లేకపోవడం, మరో డబ్బుకు ఉండటం చూసి చాలామంది తికమకపడతారు. మినహాయింపు రాసిందే ముందస్తు మొత్తానికి.

బదిలీకి అనుమతి ఎందుకు

ఆస్తి బదిలీ చట్టం 1882 ప్రకారం చూస్తే లీజుదారుకు తన హక్కును మరొకరికి బదిలీ చేసే స్వేచ్ఛ ఉంది. 108వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. కానీ ఆ సెక్షన్ మొదట్లోనే ఒక మెలిక ఉంది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతేనే ఇవన్నీ వర్తిస్తాయి. పారిశ్రామిక సంస్థల లీజుల్లో వేరుగా రాసే ఉంటుంది. సంస్థ ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే బదిలీ చేయరాదు, ఉపలీజుకు ఇవ్వరాదు, తాకట్టు పెట్టరాదు, స్వాధీనం వదులుకోరాదు అని. ఆ ఒక్క నిబంధన నుంచే బదిలీ రుసుము, అద్దెకిచ్చే అనుమతి రుసుము, తాకట్టు నిరభ్యంతర పత్రం, కంపెనీ రూపం మార్పు రుసుము అన్నీ పుట్టుకొస్తాయి.

రుసుము అనగానే మనకు దండగ ఖర్చు అనిపిస్తుంది. నేను అలా అనుకోను. ఈ ప్లాట్లు ఎక్కడి నుంచి వచ్చాయో గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు అవి రైతుల పొలాలు. పరిశ్రమలు వస్తాయి, పదిమందికి పని దొరుకుతుంది అని చెప్పి ప్రజా ప్రయోజనం పేరిట ప్రభుత్వం సేకరించి, రోడ్డు వేసి, కాలువ తవ్వి, మార్కెట్ ధర కన్నా తక్కువకు ఇచ్చిన నేల అది. అలా తీసుకున్న ప్లాటులో ఒక్క ఇటుక కూడా పేర్చకుండా పదేళ్లు తాళం వేసి ఉంచి, రేటు పెరిగాక అమ్ముకుని లాభం జేబులో వేసుకుంటే పొలం పోగొట్టుకున్న కుటుంబానికి అన్యాయం జరిగినట్టే. అందుకే దాదాపు ప్రతి సంస్థా పనిచేస్తున్న ఫ్యాక్టరీకి ఒక రుసుము, ఖాళీ ప్లాటుకు మరో రుసుము పెడుతుంది. కొన్నిచోట్ల ఖాళీ ప్లాటు బదిలీకి అసలు ఒప్పుకోరు.

పనిచేస్తోందని ఎలా తేలుస్తారు? ఇక్కడ రెండు వేర్వేరు పత్రాలున్నాయి. ఆమోదించిన ప్లాను ప్రకారం భవనం పూర్తయిందనేది ఒకటి, దాంట్లో ఉత్పత్తి మొదలైందనేది రెండోది. షెడ్డు కట్టినంత మాత్రాన ఫ్యాక్టరీ నడిచినట్టు కాదు. కరెంటు బిల్లులు, అమ్మకపు బిల్లులు, పన్ను రిజిస్ట్రేషను, యంత్రాల జాబితా, సంస్థ వాళ్ల తనిఖీ ఇవన్నీ చూశాకే ఉత్పత్తి ప్రారంభ ధ్రువీకరణ దొరుకుతుంది. దస్తావేజులో ఇచ్చిన గడువులోగా అది తీసుకోకపోతే పొడిగింపు కోసం ఏటా మళ్లీ డబ్బు కట్టాలి. ఈ పొడిగింపు బకాయిలు ఫైల్లో మౌనంగా పెరుగుతూ ఉంటాయి. బదిలీకి దరఖాస్తు పెట్టిన రోజున వడ్డీతో సహా బయటపడతాయి.

రుసుము లెక్క: ఒకే ప్లాటు, రెండు పద్ధతులు

దేశంలో బదిలీ రుసుమును ముఖ్యంగా రెండు పద్ధతుల్లో లెక్కిస్తారు. పేర్లు వేరువేరుగా వినపడతాయి కాబట్టి ముందు తేడా తెలుసుకోవడం మేలు.

మొదటి పద్ధతిలో సంస్థ ఆ సెక్టారుకు ఇప్పుడు అమల్లో ఉన్న కేటాయింపు రేటు తీసుకుని అందులో ఇంత శాతం అంటుంది. మన ప్లాటు ఉన్నచోట ఇప్పటి రేటు చదరపు మీటరుకు 30,000, బదిలీ రుసుము 10 శాతం అనుకుందాం. 450 మీటర్లకు 1,35,00,000. అందులో 10 శాతం 13,50,000. దాని మీద 18 శాతం జీఎస్టీ పడితే మరో 2,43,000. మొత్తం దాదాపు 15.93 లక్షలు. అమ్మేవాడికి, కొనేవాడికి మధ్య ధర 2 కోట్లా, 2.2 కోట్లా అన్నదానితో ఈ లెక్కకు సంబంధం లేదు. అందుకే ఈ పద్ధతిలో ఒప్పందం ధర తగ్గించి చూపినా రుసుము ఒక్క రూపాయి తగ్గదు.

రెండో పద్ధతి పెరిగిన విలువలో వాటా. ఢిల్లీ అభివృద్ధి సంస్థ లీజుల్లో దీన్ని అన్‌ఎర్న్‌డ్ ఇంక్రీజ్ అంటారు. తెలుగులో శ్రమించని పెరుగుదల అనుకోవచ్చు. మొదట కట్టిన ప్రీమియానికి, ఇప్పటి విలువకు ఉన్న తేడాలో 50 శాతం సంస్థకు ఇవ్వాలి. మహారాష్ట్రలో డిఫరెన్షియల్ ప్రీమియం అనే మాట వెనుక ఉన్న తర్కమూ ఇదే, శాతాలు వేరు. మన ప్లాటునే ఢిల్లీ పద్ధతికి తెచ్చి చూద్దాం. 1,35,00,000లో 4,50,000 తీసేస్తే తేడా 1,30,50,000. అందులో సగం 65,25,000. పదమూడున్నర లక్షలు ఎక్కడ, అరవై ఐదు లక్షలు ఎక్కడ! నేల అదే, షెడ్డు అదే. దస్తావేజులో ఒక పేరా మారితే బదిలీ ఖర్చు ఐదింతలవుతుంది. వేరే ఊళ్లో స్నేహితుడు ఇంత కట్టాడని చెప్పింది విని బేరం కుదుర్చుకోకూడదనేది ఇందుకే.

డబ్బు చేతులు మారకపోయినా బదిలీ అవుతుందా అనే ప్రశ్న 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ, నల్వా సన్స్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీల మధ్య వివాదం అది. ఒక కంపెనీ రెండుగా విడిపోయే పథకంలో భాగంగా లీజు ఆస్తి మరో కంపెనీకి చేరింది. అమ్మకం లేదు, ధర లేదు, కాబట్టి పెరుగుదలలో వాటా ఎందుకివ్వాలన్నది కంపెనీ వాదన. బదిలీ బదిలీయే, వాటా కట్టాల్సిందేనని కోర్టు తీర్పు చెప్పింది. మన చిన్న పరిశ్రమలకూ ఇది తగులుతుంది. సొంత పేరున ఉన్న యూనిట్‌ను ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చేటప్పుడు, భాగస్వామి చేరినప్పుడు, వెళ్లిపోయినప్పుడు, వాటాలు బయటివాళ్లకు అమ్మినప్పుడు ప్లాటు చేయి మారినట్టు ఇంట్లో ఎవరికీ అనిపించదు. సంస్థ మాత్రం నిర్మాణ మార్పుగానో, ఏకంగా బదిలీగానో లెక్కిస్తుంది. కుటుంబంలోనే వాటాలు ఉండిపోతే చాలాచోట్ల తక్కువ రుసుముతో సరిపెడతారు. యజమాని చనిపోయి వారసుల పేరు ఎక్కించడం కూడా అలాంటిదే. అయినా చెప్పి చేయాలి.

జీపీఏ అనే ఉచ్చు

మన కథలో బ్రోకరు ఈ లెక్క విన్నాడు. కొనేవాళ్లతో బ్రోకర్లు చెప్పే పాత మాటే చెప్పాడు. "ఎందుకు సార్, పదహారు లక్షలు ఊరికే పోతాయి. అమ్మేవాళ్లు మీ పేర జీపీఏ రాసిస్తారు, ఒప్పందం రాసిస్తారు, వీలునామా కూడా రాసిస్తారు. స్వాధీనం మీదే. రేపు ఎప్పుడైనా సంస్థ పథకం పెడితే తక్కువలో మార్పించుకుందురు గాని."

నాకు బాగా బాధ కలిగించే విషయం ఇది. జీవితకాలపు పొదుపు పెట్టి, యంత్రాలు బిగించి, పదిమందికి జీతాలిస్తూ, చేతిలో మాత్రం చెల్లని కాగితం పెట్టుకుని బతుకుతున్న చిన్న పారిశ్రామికులు ఎందరో ఉన్నారు. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా తేల్చింది. జీపీఏ, అమ్మకపు ఒప్పందం, వీలునామా మూడూ కలిపినా స్థిరాస్తి హక్కు బదిలీ కాదు. రిజిస్టరైన బదిలీ దస్తావేజు ఒక్కటే మార్గం. ఆ తీర్పుకు ముందే అలాంటి కాగితాలను అభివృద్ధి సంస్థలు ఒప్పుకుని పేరు మార్చి ఉంటే వాటిని కదపనక్కరలేదని కూడా అదే తీర్పులో ఉంది. ఆ వాక్యాన్ని పట్టుకుని ఇప్పుడు కొత్తగా జీపీఏ రాయించుకోవడం ప్రమాదం.

లీజు ప్లాటు విషయంలో ప్రమాదం ఇంకో మెట్టు ఎక్కువ. లీజు షరతు ఉల్లంఘిస్తే రద్దు చేసే ముందు లోపం సరిదిద్దుకోమని నోటీసు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం 114ఏ సెక్షన్ చెబుతుంది. ఆ రక్షణ చాలా షరతులకు వర్తిస్తుంది. కానీ అనుమతి లేకుండా బదిలీ చేయరాదు, ఉపలీజు ఇవ్వరాదు, స్వాధీనం వదలరాదు అనే షరతును ఆ సెక్షనే మినహాయించింది. అంటే సరిగ్గా జీపీఏతో జరిగే తప్పుకు ఆ గొడుగు లేదు. ఉత్తరప్రదేశ్ 1976 చట్టంలో 14వ సెక్షన్ కింద షరతుల ఉల్లంఘన జరిగితే ప్లాటును వెనక్కి తీసుకుని, కట్టిన డబ్బులో కొంత జప్తు చేసుకునే అధికారం సంస్థకు ఉంది. రద్దు నోటీసు రికార్డులో పేరున్న పాత లీజుదారు చిరునామాకు పోతుంది. అతను ఇల్లు మారి ఉండవచ్చు, చనిపోయి ఉండవచ్చు. లోపల యంత్రాలు నడుపుతున్న మనిషికి ఆ సంగతే తెలియదు.

జీపీఏ ప్లాటును ముందే పసిగట్టవచ్చు. గేటు దగ్గర బోర్డు మీద పేరు, కరెంటు బిల్లు మీద పేరు, లీజు దస్తావేజులో పేరు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ ఒకటి కాకపోతే ఆ మధ్యలో ఏదో ఒక అనుమతి ఉండాలి. బదిలీ పత్రమో, అద్దెకిచ్చే అనుమతో, కంపెనీ పేరు మార్పు లేఖో. అది చూపించలేకపోతే ఆగిపోవాలి.

అసలు దారి

మన కొనుగోలుదారు బ్రోకరు మాట వినలేదనుకుందాం. ఆయన ఏం చేయాలి?

ముందుగా అమ్మేవాడితో రాసుకునే ఒప్పందం. ఇందులో బయానా చిన్న మొత్తంగా ఉండాలి. సంస్థ అనుమతి వస్తేనే అమ్మకం, రాకపోతే బయానా వాపసు అని స్పష్టంగా రాయాలి. బదిలీ రుసుము ఎవరు కట్టాలో, దాని మీది జీఎస్టీ ఎవరిదో, ఒప్పందం నాటికి ఉన్న లీజు అద్దె, పొడిగింపు రుసుము, నీటి బిల్లు బకాయిలు ఎవరు తీర్చాలో ఒక్కొక్కటిగా రాయాలి. బకాయిలన్నీ అమ్మేవారివే అని ఒక్క ముక్కలో తేల్చేస్తే తగవు వస్తుంది. దరఖాస్తు పెట్టిన తర్వాత పాత పొడిగింపు బకాయి వడ్డీతో 4 లక్షలు బయటపడితే, నేను చెప్పిన బకాయిల్లో అది లేదని అమ్మేవాడు అంటాడు.

ఆ పైన సంస్థ నుంచి బకాయిల లేఖ తీసుకోవాలి. ఏ పద్దు కింద ఎంత ఉందో దాంట్లో తెలుస్తుంది. అదే సమయంలో ఆమోదించిన ప్లాను తెప్పించి షెడ్డును దానితో పోల్చి చూడాలి. మన ఊహా ప్లాటులో వెనకవైపు ఖాళీగా వదలాల్సిన జాగాలో రేకుల షెడ్డు వేసి ముడిసరుకు పెట్టుకున్నారనుకోండి. కొనేవాడికి అది అదనపు వసతిలా కనిపిస్తుంది. తనిఖీకి వచ్చిన ఇంజినీరుకు అది అనుమతి లేని కట్టడం. దాన్ని తీసేయడమో, క్రమబద్ధీకరించుకోవడమో అయ్యేదాకా ఫైలు కదలదు. బేరం ముందే ఆ రేకులు చూసి ఉంటే తీయించే ఖర్చు అమ్మేవాడి మీద ఉండేది.

దరఖాస్తు అమ్మేవాడు పెట్టాలి. మూల లీజు దస్తావేజు, స్వాధీన పత్రం, ఉత్పత్తి ప్రారంభ ధ్రువీకరణ, ఇద్దరి ప్రమాణ పత్రాలు, కంపెనీ అయితే బోర్డు తీర్మానం, కొనేవాళ్లు అక్కడ ఏం తయారుచేస్తారో చెప్పే ప్రాజెక్టు నివేదిక జత చేయాలి. ఆఖరిది చాలామంది మొక్కుబడిగా రాస్తారు. పాత లీజుదారు బట్టలు కుట్టే యూనిట్ పెట్టి, కొత్తాయన ప్లాస్టిక్ మౌల్డింగ్ పెడితే ఉత్పత్తి మార్పు అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి మళ్లీ తెచ్చుకోవాలి. కొన్ని సెక్టార్లలో కొన్ని రకాల పరిశ్రమలకు అసలు ఒప్పుకోరు. ఆ మాట 2 కోట్లు కట్టాక తెలియకూడదు.

అన్నీ సరిపోతే సంస్థ రుసుము డిమాండు లేఖ ఇస్తుంది. రుసుము కట్టాక వచ్చేదే బదిలీ అనుమతి పత్రం. నోయిడాలో దాన్ని ట్రాన్స్‌ఫర్ మెమోరాండం అంటారు, జనం నోట్లో టీఎం. ఇది చేతికి రాగానే పని అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. అది అనుమతి మాత్రమే, హక్కు ఇంకా రాలేదు. దాని మీద గడువు ఉంటుంది. ఆలోగా సబ్ రిజిస్ట్రారు దగ్గర బదిలీ దస్తావేజు రిజిస్టరు చేయించాలి. లీజు హక్కు బదిలీకి స్టాంపు డ్యూటీ మామూలు అమ్మకం మీద పడినట్టే పడుతుంది. బ్యాంకు అప్పు ఆలస్యమై గడువు దాటితే అనుమతి పొడిగింపు కోసం మళ్లీ తిరగాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక ఆ నకలు సంస్థకు ఇచ్చి రికార్డులో పేరు మార్పించుకోవాలి. ఇది చేయకపోతే తర్వాతి డిమాండు నోటీసులు పాతాయనకే వెళ్తుంటాయి.

మిగతా డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నది అందరూ అడిగే ప్రశ్న. నేను చెప్పేది ఒకటే. రుసుము డిమాండు లేఖ వచ్చాక దాన్ని కొనేవాడే నేరుగా సంస్థ ఖాతాలో కట్టి ధరలో తగ్గించుకోవడం, మిగతా మొత్తం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాల రోజున ఇవ్వడం. అమ్మేవాడి ఖాతాలో వేస్తే అతను ముందు తన అప్పులు తీర్చుకుంటాడు, రుసుము గడువు దాటిపోతుంది.

బ్యాంకు వేలంలో కొంటే ఇవన్నీ తప్పుతాయా? తప్పవు. బ్యాంకు అమ్మేది అప్పు తీసుకున్నవాడి దగ్గరున్న హక్కునే. అతని దగ్గర ఉన్నది లీజు. కాబట్టి వేలంలో గెలిచినా బదిలీ అనుమతి, రుసుము, పాత బకాయిలు అలాగే ఉంటాయి. వేలం ప్రకటనలో ఉన్నది ఉన్నట్టుగా అనే మాట కనిపిస్తే, సంస్థ బకాయిల లేఖ చూడకుండా ధర పాడకూడదు.

పన్నుల్లో మరో ముడి ఇటీవలే కొంత విడింది. లీజు హక్కును ఒక పారిశ్రామికుడు మరొకరికి బదిలీ చేసినప్పుడు మొత్తం ధర మీద 18 శాతం జీఎస్టీ కట్టాలని శాఖ నోటీసులు పంపింది. 2 కోట్లకు అది 36 లక్షలు. జీఐడీసీ ప్లాట్ల విషయంలో గుజరాత్ హైకోర్టు 2025 జనవరిలో దీన్ని కొట్టేసింది. మిగిలిన లీజు కాలాన్ని పూర్తిగా వదులుకుని ఇచ్చేయడం స్థిరాస్తి హక్కు బదిలీ అవుతుందే గాని సేవ కాదని తేల్చింది. ఇది ఆ రాష్ట్రపు హైకోర్టు తీర్పు. నోయిడాలో గాని మరెక్కడైనా గాని బేరం చేసేవాళ్లు ఈ 36 లక్షల ప్రశ్న వస్తే ఎవరు భరించాలో ఒప్పందంలో రాసుకోవడం అవసరం. సంస్థ తీసుకునే బదిలీ రుసుము మీది జీఎస్టీ వేరు, ఇది వేరు. రెండూ ఒకటేననుకుని చాలామంది లెక్క తప్పుతారు.

మన దగ్గర ఏపీఐఐసీ 1973లో ఏర్పడింది. తెలంగాణలో 2014 తర్వాత వేరే సంస్థ వచ్చింది, ఇప్పుడది టీజీఐఐసీ. మన రాష్ట్రాల్లో పాత ప్లాట్లు చాలావరకు లీజు కింద కాక అమ్మకపు ఒప్పందం కింద ఇచ్చారు. పరిశ్రమ నెలకొల్పాకే అమ్మకపు దస్తావేజు. అందువల్ల ఇక్కడ కొనేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది, ఎదురుగా ఉన్నది రిజిస్టరైన దస్తావేజా, ఇంకా ఒప్పందం దశలో ఆగిపోయిన ప్లాటా, లేక లీజా అన్నది. ఒప్పందం దశలో ఉన్న ప్లాటు అమ్మేవాడి చేతిలోనే పూర్తి హక్కు లేదు. సంస్థ ఒప్పుకోకుండా అతను కొనేవాడికి ఇవ్వగలిగేది ఏమీ ఉండదు.

మన మౌల్డింగ్ యూనిట్ ఆయన దగ్గరికి తిరిగి వస్తే, 2 కోట్ల ప్లాటుకు ఆయన కాగితం మీద ఈ లెక్క వేసుకున్నారు. బదిలీ రుసుము, జీఎస్టీ 15.93 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ వేరు. వెనక రేకుల షెడ్డు తీయించడం అమ్మేవాడిది. లీజు అద్దె ఒకేసారి కట్టిన రసీదు లేదు, కాబట్టి ఏటా సుమారు 37,969, 2034లో మళ్లీ పెరుగుతుంది. అది చూసి ఆయన 2 కోట్లకు ఒప్పుకోలేదు. రుసుము అమ్మేవాడి భాగమని తేల్చుకుని, 1 కోటి 90 లక్షలకు మాట ఇచ్చారు. బయానా 5 లక్షలు. మిగతాది సబ్ రిజిస్ట్రారు ముందు.